లెక్క చేసేటప్పుడు పెదవులెందుకు కదులుతాయి?

కాటాలు పల్లెల్లోకి రాకముందు కర్నూలు, కడప జిల్లాల్లో కల్లం దగ్గర జొన్నలు, కొర్రలు ఎలా కొలిచేవారో మీ ఇంట్లో పెద్దవాళ్లనడగండి. కొలిచే మనిషి శేరు నింపి గోతాంలో పోస్తూ, మొదటిదాన్ని “ఒకటి” అనకుండా “లాభం” అనేవాడు. ఆ తర్వాత “రెండు” అంటాడు. అక్కడితో ఊరుకోడు. మూడో శేరు నిండేదాకా “రెండు, రెండు, రెండు...” అని పాటలాగా అంటూనే ఉంటాడు. మూడోది గోతాంలో పడగానే “మూడు, మూడు, మూడు...” అని అందుకుంటాడు.

ఇది అలవాటుకొద్దీ అనే మాట కాదు. కల్లంలో నలుగురూ మాట్లాడుతుంటారు. పక్కనుంచి ఎవరో “ఏం మామా, బాగుండావా?” అంటారు. మామ “బాగుండాం అబ్బీ” అని జవాబిచ్చాడా, అంతే! పదిహేడా, పద్దెనిమిదా? ఒక అంకె తప్పితే ఒక శేరు అటో ఇటో పోతుంది. వానలు సరిగా పడని సీమలో ఒక శేరు జొన్నలంటే ఒక పూట తిండి. అందుకే ఆ మనిషి ఎవరు పలకరించినా తలూపి ఊరుకునేవాడు. నోటిని మాత్రం అంకె వదిలిపెట్టనిచ్చేవాడు కాదు.

ఇప్పుడు మీ తరగతిలోకి రండి. మాస్టారు లెక్క ఇచ్చారు. కొందరు రాయిలా కూర్చుని చేస్తారు. కొందరి పెదవులు కదులుతుంటాయి. ఇంకొందరు పైకే గొణుగుతారు: “ఇది ఇక్కడికి తెస్తే... ఊహూ... అప్పుడు రెండు మిగులుతుంది కదా...” పక్కవాళ్లు నవ్వుతారు. “నీలో నువ్వేంరా మాట్లాడుకుంటావు, పిచ్చా?” అంటారు. పిచ్చి కాదు. కల్లంలోని మామ చేసిన పనే ఆ అబ్బాయి కూడా చేస్తున్నాడు. అయితే అతను దానితోపాటు ఇంకో పని కూడా చేస్తున్నాడు. ఈ రెండు పనులూ వేరువేరు. వాటిని విడదీసి చూద్దాం.

ముందుగా ఒక లెక్క. 27 మూటల వేరుశెనగ ఉంది. ఒక్కో మూట 36 కిలోలు. మొత్తం ఎన్ని కిలోలు? కాగితం, పెన్సిలు వద్దు, నోటిలెక్కే. 36ని 20తో హెచ్చవేస్తే 720. దీన్ని పక్కన పెట్టుకోండి. ఇక 36ని 7తో హెచ్చవేయాలి. ముప్పై ఏళ్లు 210, ఆరేళ్లు 42, రెండూ కలిపితే 252. ఇప్పుడు పక్కన పెట్టిన 720ని తెచ్చి కలపండి. 972 వచ్చింది కదా?

ఇప్పుడు ఇలాంటిదే మరో లెక్క, 34 మూటలు, ఒక్కోటి 28 కిలోలు అనుకుని చేయండి. ఈసారి ఒక షరతు. లెక్క చేస్తున్నంతసేపూ ఆపకుండా పైకి “లాలలాలలా” అంటూనే ఉండాలి. చాలామందికి ఇది చాలా కష్టంగా ఉంటుంది. ఎక్కడ కష్టమో గమనించండి. ఎక్కాలు మరిచిపోరు. ఎనిమిది నాలుగులు ముప్పై రెండని అప్పుడు కూడా గుర్తుంటుంది. పోయేది “పక్కన పెట్టుకున్న” సంఖ్య. రెండో మెట్టు పూర్తి చేసి వెనక్కి తిరిగి చూస్తే మొదటి మెట్టు జవాబు అక్కడ ఉండదు! (ఈ లెక్కకు జవాబు 952. మీకేమొచ్చింది?)

ఆ పక్కన పెట్టుకోవడం ఎక్కడ జరుగుతుంది? ఇంగ్లండుకు చెందిన మనోవిజ్ఞాన శాస్త్రజ్ఞులు అలన్ బాడెలీ, గ్రహమ్ హిచ్ 1974లో దీనికొక వివరణ ఇచ్చారు. కొద్ది క్షణాలపాటు పట్టి ఉంచుకోవలసిన మాటల్నీ, అంకెల్నీ మనం చాలావరకు ధ్వని రూపంలోనే దాచుకుంటామని వాళ్లు చెప్పారు. కానీ ఆ ధ్వని నిలవదు. ఎండాకాలం బండమీద చల్లిన నీళ్లలా ఆరిపోతూ ఉంటుంది. అది పూర్తిగా ఆరిపోయేలోగా మళ్లీ ఒకసారి పలకాలి, పైకైనా, మనసులోనైనా. “లాలలా” అంటున్న నోటితో మనసులో కూడా మరో మాట పలకడం సాధ్యం కాదు. అందుకే 720 ఆరిపోతుంది.

ఎంతసేపట్లో ఆరిపోతుంది? 1975లో బాడెలీ, అతని సహచరులు దీన్ని కొలవడానికి ప్రయత్నించారు. ఒక మనిషి సుమారు 2 సెకన్లలో ఎన్ని మాటలు పలకగలడో, దాదాపు అన్ని మాటలనే వరసగా గుర్తుంచుకోగలడని తేలింది. దీన్ని మీరూ పరీక్షించవచ్చు. మీ స్నేహితుడికి ఈ ఆరు మాటలు ఒకసారి చదివి వినిపించి, అదే వరసలో తిరిగి చెప్పమనండి: పులి, మేక, ఆవు, నక్క, కోడి, చేప. తర్వాత ఈ ఆరు చదవండి: సీతాకోకచిలుక, మిణుగురుపురుగు, ఎలుగుబంటి, నీటిగుర్రం, వడ్రంగిపిట్ట, కొండచిలువ. అవీ ఆరే, ఇవీ ఆరే. అవీ ప్రాణులే, ఇవీ ప్రాణులే. అయినా రెండో వరస చాలామందికి తప్పుతుంది. పొడుగు మాటల్ని ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి మొదటి మాట ఆరిపోయి ఉంటుంది మరి!

ఇదీ గొణుగుడు చేసే మొదటి పని: పట్టి ఉంచడం.

సరే, మనసులో పలికితే చాలు కదా, పైకెందుకు అంటారా? చిన్నపిల్లల్ని చూస్తే దీనికి సగం జవాబు దొరుకుతుంది. నాలుగైదేళ్ల పిల్లలు మట్టితో ఇల్లు కడుతూ ఎవరితోనూ కాకుండా మాట్లాడుతూనే ఉంటారు. స్విట్జర్లాండుకు చెందిన ఝా పియాజే 1923లో వెలువడిన తన పుస్తకంలో దీన్ని గురించి రాశాడు. ఎదుటివాడి దృష్టితో ఆలోచించడం ఇంకా రాని పసితనానికి ఇది గుర్తనీ, పెద్దయ్యేకొద్దీ రాలిపోతుందనీ ఆయన అభిప్రాయం.

సోవియట్ శాస్త్రజ్ఞుడు లెవ్ విగోత్‌స్కీ దీనికి ఒప్పుకోలేదు. ఇది రాలిపోయేదైతే కష్టం వచ్చినప్పుడు పెరగకూడదు కదా? ఆయన పిల్లలు బొమ్మలు వేసుకుంటుండగా వాళ్లకు కావాలనే చిన్న చిన్న చిక్కులు కల్పించి చూశాడు. కావలసిన రంగు పెన్సిలు ఉండదు, లేదా కాగితం ఉండదు. అలాంటప్పుడు పిల్లల స్వగతం దాదాపు రెట్టింపయింది! “పెన్సిలేదీ? నీలం కావాలి. పోనీలే, ఎర్రదానితో వేసి నీళ్లు పూస్తే నల్లగా అవుతుంది” అనే ధోరణిలో వాళ్ల మాటలు సాగేవి. ఒక అయిదున్నరేళ్ల పిల్లవాడు ట్రాంబండి బొమ్మ వేస్తుంటే పెన్సిలు ముక్కు విరిగింది. “విరిగిపోయింది” అని వాడు తనలో తాను గొణుక్కున్నాడు. పెన్సిలు పక్కన పెట్టి రంగులూ కుంచే తీసుకుని ప్రమాదంలో విరిగిపోయిన ట్రాంబండి బొమ్మ వేయడం మొదలుపెట్టాడు! నోట వచ్చిన మాట వాడి పనిని దారి మళ్లించింది.

పెద్దయ్యేకొద్దీ ఈ మాట పోదు, లోపలికి వెళుతుందన్నాడు విగోత్‌స్కీ. మొదట పైకి, తర్వాత గుసగుసగా, చివరకు నిశ్శబ్దంగా. 1934లో ఆయన పుస్తకం వెలువడింది, ఆ ఏడాదే ఆయన క్షయతో మరణించాడు. తర్వాతి కాలంలో మరో సోవియట్ శాస్త్రజ్ఞుడు సొకొలోవ్ పెద్దవాళ్ల నాలుకకూ, పెదవులకూ సన్నని తీగలు అమర్చి, మౌనంగా లెక్కలు చేయమన్నాడు. పైకి ఏమీ వినపడకపోయినా ఆ కండరాల్లో విద్యుత్ స్పందనలు కనిపించాయి. తేలిక లెక్కకు తక్కువ, కష్టమైనదానికి ఎక్కువ. లోపలికి వెళ్లిన మాట, బరువు పెరిగినప్పుడు మళ్లీ గడపదాకా వస్తుందన్నమాట. ఇంకొంచెం బరువు పెరిగితే గడప దాటి బయటికే వస్తుంది.

అలాగైతే మరి అందరూ ఎందుకు గొణగరు? ఇక్కడ ఒక సరదా సంగతి. అమెరికా భౌతికశాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఫైన్‌మన్ విద్యార్థిగా ఉన్నప్పుడు, మనసులో ఒకే వేగంతో 1 నుంచి 60 దాకా లెక్కపెట్టడం అలవాటు చేసుకున్నాడు. లెక్కపెడుతూనే వేరే ఏ పనులు చేయగలనా అని పరీక్షించుకున్నాడు. పత్రిక చదవగలిగాడు కానీ మాట్లాడలేకపోయాడు. ఈ సంగతి చెబితే జాన్ ట్యూకీ అనే గణితజ్ఞుడు నమ్మలేదు. తను లెక్కపెడుతూ హాయిగా మాట్లాడగలడు, చదవడమే చేతకాదు! విచారిస్తే తేలిందేమిటంటే, ఫైన్‌మన్ అంకెల్ని మనసులో పలుకుతున్నాడు, ట్యూకీ అంకెలు రాసిన పట్టీ ఒకటి కళ్ల ముందు కదిలిపోతున్నట్టు ఊహించుకుంటున్నాడు. ఒకరికి నోరు ఖాళీ లేదు, ఇంకొకరికి కన్ను ఖాళీ లేదు. మీ తరగతిలో రాయిలా కూర్చుని లెక్క చేసేవాళ్లలో కొందరు ట్యూకీ జాతివాళ్లు కావచ్చు.

మన ప్రాంతంలో అవధానం చూసినవారికి ఇదేమీ కొత్త కాదు. దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకట శేషశాస్త్రి జంటగా అవధానాలు చేసిన ప్రొద్దుటూరు కడప జిల్లాలోనిదే. అవధానంలో ఘంటాగణనం అని ఒక అంశం ఉంటుంది. అవధాని పద్యాలు చెబుతుండగా, ప్రశ్నలకు జవాబులిస్తుండగా ఒకరు ఉండి ఉండి గంట కొడుతుంటారు. మొత్తం ఎన్ని గంటలు కొట్టారో చివర్లో చెప్పాలి. వినడానికి తేలికే. కానీ అవధాని నోరు పద్యంలో ఉంది. కల్లంలో మామలా “పదకొండు, పదకొండు” అనుకునే వీలు లేదు. అంకెను నోటి సాయం లేకుండా మోయాలి. దాన్నొక పరీక్షగా పెట్టిన పూర్వులు “లాలలాలలా” ప్రయోగం సారాంశాన్ని ఎప్పుడో పట్టుకున్నారనే నాకనిపిస్తుంది.

ఇక గొణుగుడు చేసే రెండో పని. దీనికి ఒక ఆట ఆడాలి. నేలమీద సుద్దముక్కతో మూడు గళ్లు గీయండి. వంటింట్లోంచి చిన్నది, నడిమిది, పెద్దది మూడు మూతలు తెచ్చి మొదటి గడిలో పెద్దదానిమీద నడిమిది, దానిమీద చిన్నది పెట్టండి. మూడింటినీ మూడో గడిలోకి చేర్చాలి. ఒకసారి ఒక్క మూతనే కదపాలి. చిన్న మూతమీద పెద్ద మూత పెట్టకూడదు. దీన్ని హనోయ్ గోపురం అంటారు. ఫ్రెంచి గణితజ్ఞుడు ఎదువార్ ల్యూకా 1883లో దీన్ని బయటపెట్టాడు.

మొట్టమొదట చిన్న మూతను ఎక్కడ పెట్టాలి? రెండో గడిలోనా, మూడో గడిలోనా? చాలామంది చేతికొచ్చినట్టు కదిపేసి తర్వాత తికమకపడతారు. అలా కాక ప్రతి ఎత్తుకూ ముందు “ఎందుకు” అనేది పైకి చెప్పాలని నియమం పెట్టుకోండి. అప్పుడు మీ మాట ఇలా సాగుతుంది: “పెద్దది మూడో గడికి పోవాలి. అది కదలాలంటే దానిమీది రెండూ దిగాలి, మూడో గడి ఖాళీగా ఉండాలి. అంటే ఆ రెండూ రెండో గడిలో ఉండాలి. నడిమిది రెండో గడికి పోవాలంటే ఆ గడి ఖాళీగా ఉండాలి. అయితే చిన్నది ముందు మూడో గడికి పోవాలి!” చూశారా, చివరినుంచి వెనక్కి నడిస్తే మొదటి అడుగు దానంతటదే దొరికింది. ఇక చేసి చూడండి. చిన్నది మూడుకు, నడిమిది రెండుకు, చిన్నది దానిమీదకు, పెద్దది మూడుకు, చిన్నది ఒకటికి, నడిమిది మూడుకు, చిన్నది దానిమీదకు. మొత్తం 7 ఎత్తులు. ఇంతకన్న తక్కువలో ఎవరికీ కాదు.

నాలుగు మూతలైతే? అదే మాట మళ్లీ చెప్పండి: “అన్నిటికన్న పెద్దది మూడుకు పోవాలంటే పైమూడూ రెండో గడిలో చేరాలి.” అంటే ఇప్పుడు మూడు మూతల ఆటే, కాని గమ్యం మూడో గడి కాదు, రెండో గడి. కాబట్టి చిన్నది మొదట రెండో గడికి పోవాలి. నాలుగుకు 15 ఎత్తులు, అయిదుకు 31, ఆరుకు 63.

1962లో అమెరికాలో రాబర్ట్ గాన్యే, ఎర్నెస్ట్ స్మిత్ అనే ఇద్దరు పరిశోధకులు సరిగ్గా ఈ ఆటనే తొమ్మిదో, పదో తరగతి కుర్రాళ్లతో, అంటే మీ ఈడువాళ్లతో, ఆడించారు. కొందరికి ప్రతి ఎత్తుకూ కారణం పైకి చెప్పమన్నారు. మిగిలినవాళ్లకు అలాంటి నియమం లేదు. తక్కువ బిళ్లలతో మొదలుపెట్టి కొంత సాధన చేయించాక, అందరికీ ఆరు బిళ్లల ఆట ఇచ్చి పరీక్షించారు. ఈ పరీక్షలో ఎవరూ ఏమీ చెప్పనక్కరలేదు. కారణాలు చెబుతూ సాధన చేసినవాళ్లు 63కు దగ్గరగా పూర్తిచేశారు. మౌనంగా సాధన చేసినవాళ్లు చాలా ఎక్కువ ఎత్తులు తీసుకున్నారు. ఈ ఆటలోని కిటుకేమిటో చెప్పమన్నప్పుడు కూడా మొదటివాళ్లే బాగా చెప్పగలిగారు.

ఇక్కడొక మెలిక ఉంది. “చిన్నది ఇక్కడ పెడుతున్నాను, నడిమిది అక్కడ పెడుతున్నాను” అని చేస్తున్న పనిని చెప్పుకుంటూ పోతే ఈ లాభం రాదు. ఆండర్స్ ఎరిక్సన్, హెర్బర్ట్ సైమన్ అనే శాస్త్రజ్ఞులు 1980లో ఇలాంటి ప్రయోగాలెన్నింటినో పరిశీలించారు. మనసులో తోచినదాన్ని తోచినట్టు పైకి అంటే ఆలోచన తీరు మారదు, కారణం చెప్పమంటేనే మారుతుందని వాళ్లు తేల్చారు. కారణం చెప్పాలంటే, చేతికొచ్చినట్టు చేద్దామనుకున్న ఎత్తు దగ్గర ఆగక తప్పదు. చెప్పలేకపోతే, ఆ ఎత్తుకు మీ దగ్గర కారణం లేదని మీ చెవికే తెలిసిపోతుంది. స్నేహితుడికి సందేహం చెబుతూ చెబుతూ సగంలో “ఆఁ, తెలిసిపోయిందిలే” అని మీరు ఎన్నిసార్లు లేచిపోలేదూ? వాడు ఒక్క మాటైనా చెప్పలేదు.

అయితే అన్ని సమస్యలకూ ఈ మందు పనిచేయదు. పది చింతగింజలు తీసుకుని ఒకటి, దానికింద రెండు, దానికింద మూడు, దానికింద నాలుగు పెట్టండి. కొన పైకున్న త్రికోణం వచ్చింది. మూడంటే మూడు గింజలు కదిపి కొన కిందికి వచ్చేలా చేయాలి. దీనికి “ఇది ఎందుకు, అది ఎందుకు” అని మాటల్లో నడుద్దామంటే నడవదు. నడుస్తున్న దారే తప్పయితే ఒక్కో అడుగుకు కారణం చెప్పుకుంటూ ఇంకా ముందుకుపోతాం. చూసి చూసి, హఠాత్తుగా బొమ్మ మరోలా కనపడాలి. 1993లో జొనాథన్ స్కూలర్, అతని సహచరులు ఇలా హఠాత్తుగా తట్టవలసిన చిక్కుల్ని ఇచ్చి, ఆలోచనను పైకి చెబుతూ విప్పమన్నప్పుడు, మౌనంగా ఉన్నవాళ్లకన్న తక్కువమంది విప్పగలిగారు. మెట్టుమెట్టుగా తర్కంతో తేలే లెక్కలకు మాత్రం మాట అడ్డు రాలేదు. కాబట్టి గొణుగుతూ గొణుగుతూ అదే మాట నాలుగోసారి అంటున్నారని మీకే వినపడితే, నోరు మూసి కాసేపు ఊరికే చూడండి. (గింజల సంగతా? పైకొన గింజను తెచ్చి అడుగు వరస కింద మధ్యలో పెట్టండి. అడుగు వరస రెండు చివరలవీ తీసి రెండు గింజలున్న వరసకు అటొకటి ఇటొకటి చేర్చండి.)

మరి పరీక్ష హాల్లో? అక్కడ పైకి మాట్లాడితే మాస్టారు ఊరుకోరు, ఊరుకోకపోవడమూ న్యాయమే. పక్కవాడు తన అంకెను మనసులో పలుకుతూ పట్టుకుని ఉంటాడు. మీ మాట వాడి చెవిలో పడితే, వాడు వినకూడదనుకున్నా, అంకె జారిపోవచ్చు. వినపడేది తెలియని భాషైనా ఇలాగే జరుగుతుందని 1970, 80లలో జరిగిన ప్రయోగాలు చూపించాయి. కాబట్టి శబ్దం రాకుండా పెదవులు మాత్రం కదపండి. అంకెను నిలబెట్టడానికి అది చాలు. లెక్క చిత్తులో “ఎందుకంటే” అని ఒక మాట రాసి, దాని పక్కన కారణం రాసుకుంటే రెండో పనీ అవుతుంది. ఇంటికొచ్చాక మూతల ఆట అయిదింటితో ఆడండి, ఈసారి పైకి కారణం చెబుతూనే. మొదట చిన్నది ఏ గడికి పోవాలో ఎత్తు వేయకముందే చెప్పగలగాలి.